తెర మీద రెండు పేర్లు, ఫారంలో ఐదు: ఎల్‌ఎల్‌పీ వివరాలు చదవడం ఎలా?

గుంటూరులో టైల్స్ అమ్మే వ్యాపారికి హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కడుతున్న ఒక సంస్థ నుంచి 38 లక్షల రూపాయల ఆర్డరు వచ్చిందనుకుందాం. సరుకు ఇప్పుడు, డబ్బు 60 రోజుల తర్వాత. ఆర్డరు కాగితం మీద సంస్థ పేరు చివర ‘ఎల్‌ఎల్‌పీ’ అని ఉంది. కింద సంతకం చేసినాయన తనను తాను ‘డైరెక్టర్’ అని రాసుకున్నారు.

అనుమానం ఇక్కడే మొదలవ్వాలి. ఎల్‌ఎల్‌పీకి డైరెక్టర్లు ఉండరు, భాగస్వాములు ఉంటారు. అలా రాసినంత మాత్రాన మోసమని అర్థం కాదు, చాలామంది అలవాటుగా రాసేస్తారు. కానీ 38 లక్షలు అరువిచ్చే ముందు ఆ సంతకం ఎవరిది, దాని వెనక ఎవరి డబ్బు ఉంది అన్నది తేల్చుకోవాలి. అందుకు కావలసిన సమాచారంలో సగం కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటు mca.gov.in లో ఉచితంగా దొరుకుతుంది. మిగతా సగం కొద్దిపాటి ఫీజు కడితే కనిపిస్తుంది. ఈ ఊహా ఆర్డరునే ఆసరాగా తీసుకుని ఆ వివరాలు ఎలా చదవాలో చూద్దాం. కింద వచ్చే ఎల్‌ఎల్‌పీ, దాని అంకెలు కల్పితం. గడువులు, నిబంధనలు మాత్రం నిజం.

కంపెనీకి, ఎల్‌ఎల్‌పీకి తేడా ఎక్కడ

1932 నాటి చట్టం కింద నడిచే మామూలు భాగస్వామ్య సంస్థలో అప్పు తీరకపోతే భాగస్వాముల సొంత ఇళ్ల దాకా వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో వాటాదారు తన షేర్లకు కట్టాల్సిన డబ్బు కట్టేస్తే అక్కడితో అతని బాధ్యత తీరింది. ఈ రెండింటి మధ్య దారిగా 2008లో ఎల్‌ఎల్‌పీ చట్టం వచ్చింది, 2009 మార్చి 31 నుంచి అమల్లో ఉంది. లోపలి ఏర్పాటు భాగస్వామ్యానిది. ఎవరికెంత లాభం, ఎవరి మాట చెల్లుతుంది అన్నది వాళ్లు రాసుకున్న ఒప్పందమే తేలుస్తుంది. బయటివాళ్లకు మాత్రం అది కంపెనీ లాంటిదే. సంస్థ అప్పు సంస్థదే. భాగస్వామి అయినంత మాత్రాన ఆ అప్పు ఎవరి నెత్తినా పడదు. అయితే తాను స్వయంగా చేసిన తప్పు పనికి అతను బాధ్యుడే. అప్పిచ్చినవాళ్లను మోసగించాలనే ఉద్దేశంతో వ్యవహారం నడిపితే, అందులో చేయి ఉన్న భాగస్వాముల బాధ్యతకు హద్దే లేదు.

రెండింటికీ కనీసం ఇద్దరు కావాలి. ప్రైవేట్ కంపెనీలో సభ్యులు 200 దాటకూడదు, ఎల్‌ఎల్‌పీకి పైపరిమితి లేదు. కంపెనీలో సొంతదారులు వాటాదారులు, నడిపేవాళ్లు డైరెక్టర్లు. ఎల్‌ఎల్‌పీలో సొంతదారులూ నడిపేవాళ్లూ భాగస్వాములే. వాళ్లలో కనీసం ఇద్దరిని ‘డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు’గా చూపాలి. వాళ్లు వ్యక్తులై ఉండాలి, ఒకరైనా ఆ ఆర్థిక సంవత్సరంలో 120 రోజులకు తగ్గకుండా ఇండియాలో ఉండాలి. రిజిస్ట్రారుకు కాగితాలు దాఖలు చేయడం, చేయకపోతే జరిమానాకు జవాబు చెప్పడం వీళ్ల పని. ఎక్కువ పెట్టుబడి కూడా వీళ్లదే అయి ఉండాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. మన కథంతా ఈ చిన్న సందులోనే ఉంది.

ఆడిట్‌లో ఇంకో తేడా ఉంది. కంపెనీకి టర్నోవరు ఎంత తక్కువైనా ఆడిట్ తప్పదు. ఎల్‌ఎల్‌పీకి టర్నోవరు 40 లక్షలు గానీ, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితేనే ఈ చట్టం కింద ఆడిట్ చేయించాలి.

నిర్మాణ రంగానికి ఇది ఎందుకు నచ్చింది

ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఎల్‌ఎల్‌పీ పెట్టడం వెనక పన్ను లెక్క ఉంది. వంద రూపాయల లాభం వచ్చిందనుకోండి. ఎల్‌ఎల్‌పీ 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు కలిపి రూ.31.20 కడుతుంది. మిగిలిన రూ.68.80 భాగస్వాముల చేతికి లాభంగా వచ్చినప్పుడు మళ్లీ పన్ను లేదు. తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీ 22 శాతం పన్ను, సర్‌చార్జి, సెస్సు కలిపి రూ.25.17 కడుతుంది, రూ.74.83 మిగులుతుంది. దాన్ని డివిడెండుగా పంచితే 30 శాతం శ్లాబులో ఉన్న వాటాదారు దాని మీద మళ్లీ రూ.23.35 కట్టాలి, చేతికి వచ్చేది రూ.51.48.

అంటే లాభాన్ని వ్యాపారంలోనే ఉంచి పెంచాలనుకునేవాళ్లకు కంపెనీ చవక. ప్రాజెక్టు ముగియగానే లాభం తీసుకుని విడిపోదామనుకునేవాళ్లకు ఎల్‌ఎల్‌పీ చవక. ఎల్‌ఎల్‌పీ ఆదాయం కోటి దాటితే సర్‌చార్జి పడి దాని రేటు 34.94 శాతానికి పెరుగుతుంది. అప్పుడు కూడా పంచుకునే లెక్కలో అదే ముందుంటుంది. సరుకిచ్చేవాడికి దీని అర్థం ఒకటే: ఈ సంస్థ లాభాలు దాచుకుని బలపడేందుకు పుట్టింది కాకపోవచ్చు. ప్రాజెక్టు అయ్యాక ఖాతాలో ఏం మిగులుతుందో ముందే ఆలోచించుకోవాలి.

నంబరు చెప్పే సంగతులు, చెప్పని సంగతులు

ఎల్‌ఎల్‌పీ తన ఇన్‌వాయిస్ మీద, ఉత్తరాల మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు, పరిమిత బాధ్యతతో నమోదైన సంస్థ అన్న మాట తప్పకుండా ముద్రించాలి. ఆర్డరు కాగితం మీద ఆ నంబరు లేకపోతే ముందు అది అడగాలి. ఒకే రకం పేర్లతో నాలుగైదు సంస్థలు ఉండటం రియల్ ఎస్టేట్‌లో మామూలు. పేరుతో వెతికితే పొరుగు సంస్థ మంచితనం చూసి దీనికి అరువిచ్చే ప్రమాదం ఉంది.

కంపెనీ నంబరు CIN లో 21 అక్షరాలు, అంకెలు ఉంటాయి. డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ నంబరు చూడండి: L85195TG1984PLC004507. మొదటి L అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయిన కంపెనీ. లిస్టు కాకపోతే U ఉంటుంది. తర్వాతి ఐదంకెలు వ్యాపార రంగం, TG రాష్ట్రం, 1984 నమోదైన ఏడాది, PLC పబ్లిక్ కంపెనీ, చివరి ఆరంకెలు రిజిస్ట్రేషన్ సంఖ్య. 1984లో తెలంగాణ రాష్ట్రం లేదు. నంబరులోని రాష్ట్రం పుట్టుకను కాక ఇప్పటి రిజిస్టర్డ్ ఆఫీసును చూపుతుందని దీన్నిబట్టే తెలుస్తుంది. ప్రైవేట్ కంపెనీకి PLC చోట PTC ఉంటుంది.

ఎల్‌ఎల్‌పీ నంబరు LLPIN లో మూడు అక్షరాలు, నాలుగంకెలు మాత్రమే ఉంటాయి. అందులో రాష్ట్రం లేదు, ఏడాది లేదు, రంగం లేదు. కంపెనీ విషయంలో నంబరు చూసి తెలుసుకునేదంతా ఇక్కడ లోపలి పేజీ తెరిచి తెలుసుకోవాల్సిందే.

మొదటి పేజీ

వెబ్‌సైటులో View Company/LLP Master Data అన్నచోట నంబరు ఇస్తే సంస్థ పేజీ తెరుచుకుంటుంది. మన వ్యాపారి 2025 జూన్‌లో చూశాడనుకుందాం. నమోదు తేదీ 2019 జూన్. Number of Partners 5. Number of Designated Partners 2. Total Obligation of Contribution రూ.10,00,000. వార్షిక రిటర్ను 31-03-2025 వరకు దాఖలైంది. అకౌంట్ల స్టేట్‌మెంటు 31-03-2023 వరకే దాఖలైంది. స్థితి: Active.

పది లక్షలన్న అంకె దగ్గర ఎక్కువమంది పొరబడతారు. కంపెనీ పేజీలో చెల్లించిన మూలధనం అని వేరే వరుస ఉంటుంది, అది కంపెనీకి నిజంగా ముట్టిన డబ్బు. ఎల్‌ఎల్‌పీ పేజీలో ఉండేది భాగస్వాములు తెస్తామని ఒప్పుకున్న మొత్తం. ఎంత తెచ్చారో ఈ పేజీ చెప్పదు. పైగా ఎల్‌ఎల్‌పీలో పెట్టుబడి నగదే కానక్కర్లేదు. భూమి, యంత్రం, చివరికి చేస్తానన్న పని కూడా విలువ కట్టి పెట్టుబడిగా చూపవచ్చు.

రెండు తేదీలను కూడా పోల్చి చూడాలి. ఎల్‌ఎల్‌పీ ఏటా రెండు ఫారాలు వేస్తుంది. వార్షిక రిటర్ను ఫారం 11కు గడువు మే 30. అకౌంట్లు, అప్పులు తీర్చగలమన్న ప్రకటన ఉండే ఫారం 8కు గడువు అక్టోబరు 30. కాబట్టి జూన్‌లో చూసినప్పుడు రిటర్ను తేదీ అకౌంట్ల తేదీ కంటే ఒక ఏడాది ముందుండటం సహజం. 2024-25 అకౌంట్లకు ఇంకా టైముంది. ఇక్కడ తేడా మాత్రం రెండేళ్లు ఉంది. 2023-24 అకౌంట్లు 2024 అక్టోబరు 30 నాటికే రావాలి, ఏడు నెలలు దాటినా రాలేదు. పేర్లుండే ఫారం వేళకు వేసి, డబ్బు లెక్కలుండే ఫారం ఆపారంటే కారణం అడిగి తీరాలి. స్థితి Active అని ఉందని ఊరట పడటానికి లేదు. సంస్థ రిజిస్టరులో బతికి ఉందన్నంత వరకే ఆ మాటకు అర్థం, జేబు సంగతి అది చెప్పదు.

అదే పేజీలో ఆస్తులపై తాకట్టుల పట్టిక ఖాళీగా ఉంటే దాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. తాకట్టును 30 రోజుల్లో నమోదు చేయాలని కంపెనీల చట్టం నిర్బంధిస్తుంది. ఎల్‌ఎల్‌పీ చట్టంలో అలాంటి నిబంధన లేదు. ఖాళీ పట్టిక ఉన్నంత మాత్రాన బ్యాంకు అప్పు లేదని చెప్పలేం.

భాగస్వాముల జాబితా అసలు ఉన్న చోటు

పేజీలో సంతకాలు చేయగలవాళ్ల వివరాలు తెరిస్తే రెండు పేర్లు వస్తాయి. ఒక్కో పేరు పక్కన ఎనిమిదంకెల గుర్తింపు సంఖ్య, ఎప్పటినుంచి ఉన్నారన్న తేదీ ఉంటాయి. ఇది డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్ల జాబితా మాత్రమే. సంఖ్య ఐదని పైన ఉంది, మిగతా ముగ్గురు ఇక్కడ కనిపించరు. ఆర్డరు మీద సంతకం పెట్టిన ‘డైరెక్టర్’ ఈ ఇద్దరిలో ఒకరని తేలింది, అంతవరకు నయం.

ఐదుగురూ ఉండేది ఫారం 11లో. View Public Documents లో ఫీజు కట్టి దాన్ని చూడవచ్చు. నమోదు పత్రం, భాగస్వాముల పేర్లు, వాటిలో మార్పులు, అకౌంట్ల స్టేట్‌మెంటు, వార్షిక రిటర్ను ఎవరైనా చూడవచ్చని చట్టంలోని 36వ సెక్షన్ చెబుతోంది. ఆ జాబితాలో భాగస్వాముల ఒప్పందం లేదు. దాన్ని సంస్థనే అడిగి తీసుకోవాలి.

ఫారం 11లో ఒక్కో భాగస్వామికి రెండు అంకెలుంటాయి: తెస్తానన్నది, తెచ్చింది. మన ఉదాహరణలో అవి ఇలా ఉన్నాయి.

| భాగస్వామి | తెస్తానన్నది (రూ.) | తెచ్చింది (రూ.) |
|---|---|---|
| అ (డిజిగ్నేటెడ్) | 10,000 | 10,000 |
| ఆ (డిజిగ్నేటెడ్) | 10,000 | 10,000 |
| ఇ (ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ) | 6,80,000 | 1,30,000 |
| ఈ (వ్యక్తి) | 2,00,000 | 1,00,000 |
| ఉ (వ్యక్తి) | 1,00,000 | 0 |
| మొత్తం | 10,00,000 | 2,50,000 |

ఇప్పుడు బొమ్మ మారిపోయింది. తెర మీద కనిపించిన ఇద్దరి పెట్టుబడి కలిపి 2 శాతం. 68 శాతం ఒక కంపెనీది. పది లక్షల్లో సంస్థకు ముట్టింది రెండున్నర లక్షలు. ‘ఇ’ ఇంకా ఐదున్నర లక్షలు బాకీ ఉంది.

ఇక్కడితో ఆగకూడదు. ‘ఇ’ కంపెనీ కాబట్టి దానికీ ఒక పేజీ ఉంటుంది. అది తెరిచి చూస్తే చెల్లించిన మూలధనం లక్ష రూపాయలని ఉంది. పరిమిత బాధ్యత ఉన్న సంస్థ లోపల పరిమిత బాధ్యత ఉన్న ఇంకో సంస్థ అన్నమాట. ఆ కంపెనీ వెనక ఎవరున్నారో దాని వార్షిక రిటర్నులోని వాటాదారుల జాబితా చెబుతుంది. అందులో 90 శాతం షేర్లు ఒకే వ్యక్తివి, ఆయన పేరు ఎల్‌ఎల్‌పీ కాగితాల్లో ఎక్కడా లేదు. ఇలా వేరే సంస్థ మాటున ఉండి 10 శాతానికి తగ్గకుండా పెట్టుబడిలోనో, ఓటు హక్కులోనో, లాభంలోనో వాటా ఉన్నవాళ్లు ఎల్‌ఎల్‌పీకి ఆ సంగతి ప్రకటించాలని 2023 నవంబరులో నియమాలు వచ్చాయి. వాటికి కొద్ది రోజుల ముందే, ప్రతి ఎల్‌ఎల్‌పీ తన ఆఫీసులో భాగస్వాముల రిజిస్టరు ఉంచాలన్న నియమం వచ్చింది. దాన్ని ఫారం 4ఎ అంటారు. అరువు అడిగే సంస్థను ఆ రిజిస్టరు నకలు ఇమ్మనడం సమంజసమే.

ఈ పట్టికలో ఉన్నది పెట్టుబడి నిష్పత్తి అని, లాభం నిష్పత్తి కాదని మరిచిపోకూడదు. 2 శాతం పెట్టినవాళ్లు 40 శాతం లాభం తీసుకునేలా ఒప్పందం రాసుకోవచ్చు. ఒప్పందంలో ఏమీ రాసుకోకపోతే చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం అందరికీ లాభనష్టాలు సమానం, పెట్టుబడి ఎంతైనా సరే.

జాబితా ఎప్పటిది?

ఫారం 11 మార్చి 31 నాటి పరిస్థితి చెబుతుంది. ఆ తర్వాత ఎవరైనా చేరినా, వైదొలిగినా 30 రోజుల్లో ఫారం 4 వేయాలి. అందుకే రిటర్ను ఒక్కటి చూసి ఊరుకోకుండా, దాని తేదీ తర్వాత వచ్చిన ఫారం 4లు కూడా తెరవాలి. కంపెనీతో పోలిస్తే ఇది మేలైన ఏర్పాటు. ప్రైవేట్ కంపెనీలో ఉన్న షేర్లు చేతులు మారితే మరుసటి వార్షిక రిటర్ను దాకా బయటివాళ్లకు తెలియకపోవచ్చు.

వైదొలిగిన భాగస్వామి విషయంలో చట్టం సరుకిచ్చేవాడి పక్షాన నిలబడింది. ఆ సంగతి మీకు తెలియనంతవరకు, లేదా రిజిస్ట్రారుకు నోటీసు చేరనంతవరకు, మీతో వ్యవహారంలో ఆయన ఇంకా భాగస్వామి కిందే లెక్క. అందుకే సంస్థ ఫారం వేయదేమోనని అనుమానమున్న భాగస్వామి తానే స్వయంగా రిజిస్ట్రారుకు తెలియజేసుకునే వీలు కూడా ఉంది. అలాగే, భాగస్వాములు ఒక్కరికి తగ్గిపోయాక ఆరు నెలలు దాటి వ్యాపారం నడిపితే, తెలిసి నడిపిన ఆ ఒక్కరు ఆ కాలంలో చేసిన అప్పులకు స్వయంగా బాధ్యులవుతారు. Number of Partners చోట 1 కనిపిస్తే దాని బరువు ఇది.

డబ్బు లెక్క

దొరికే చివరి ఫారం 8 2022-23ది. కంపెనీ వేసే ఆర్థిక నివేదికల్లా ఇందులో వివరమైన నోట్స్ ఉండవు, పెద్ద పద్దులే ఉంటాయి. అప్పుల వైపు: భాగస్వాముల పెట్టుబడి 2.5 లక్షలు, మిగులు 12.5 లక్షలు, తాకట్టు లేని అప్పులు 3.20 కోట్లు, కొనుగోలుదారుల అడ్వాన్సులు 4.10 కోట్లు, సరుకిచ్చినవాళ్లకు బాకీ 85 లక్షలు. ఆస్తుల వైపు: కట్టుబడిలో ఉన్న పని 7.60 కోట్లు, నగదు 9 లక్షలు, ఇచ్చిన అడ్వాన్సులు 61 లక్షలు. రెండు వైపులా 8.30 కోట్లు.

అంటే ఎనిమిది కోట్ల వ్యవహారం కింద సొంత సొమ్ము 15 లక్షలు. తాకట్టు లేని 3.20 కోట్లు భాగస్వాములే అప్పుగా పెట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఫారం అది స్పష్టంగా చెప్పదు కాబట్టి ఆడిట్ నివేదిక అడగాలి. పెట్టుబడిగా పెట్టిన డబ్బు నష్టాన్ని ముందు మోస్తుంది. అప్పుగా పెట్టినది మీ బాకీతో సమానంగా నిలబడుతుంది, ఒప్పందం అడ్డుకోకపోతే మీకంటే ముందే వెనక్కి పోవచ్చు కూడా. ఇక 9 లక్షల నగదు ఉన్న సంస్థ 60 రోజుల్లో 38 లక్షలు కట్టాలంటే ఫ్లాట్లు అమ్ముడుపోవాలి. ఆ లెక్క కూడా రెండేళ్ల పాతది.

అరువివ్వాలా వద్దా

మొదటి పని, 2023-24 అకౌంట్లు అడగడం. వేయకపోవడానికి కారణం చెప్పి ఆడిట్ అయిన లెక్కలు చూపిస్తే మాట ముందుకు సాగుతుంది. రెండోది, ఒప్పందం నకలు తీసుకుని, దాన్ని చూసే అరువిస్తున్నట్టు ఆర్డరు మీదే రాయించుకోవడం. దీనికి కారణం 33వ సెక్షన్. ఒప్పందంలో భాగస్వామి తెస్తానన్న పెట్టుబడిని నమ్మి అరువిచ్చినవాడు, భాగస్వాములు తమలో తాము తర్వాత ఆ మొత్తాన్ని మాఫీ చేసుకున్నా, ఆ సంగతి తనకు తెలియనప్పుడు, మొదటి మాట ప్రకారం ఆ భాగస్వామి నుంచే రాబట్టుకోవచ్చు. ఇక్కడ రావాల్సిన పెట్టుబడి ఏడున్నర లక్షలు. ఒప్పందం చూడకుండా సరుకు పంపినవాడికి ఈ ఆయుధం అక్కరకు రావడం కష్టం.

మూడోది, వ్యక్తిగత హామీ. అడగాల్సింది పదేసి వేలు పెట్టిన ‘అ’, ‘ఆ’లను మాత్రమే కాదు. లక్ష మూలధనమున్న ‘ఇ’ కంపెనీ హామీ కూడా కాగితానికే పనికొస్తుంది. దాని 90 శాతం వాటాదారు, అంటే ఏ తెర మీదా పేరు లేని ఆ వ్యక్తి, స్వయంగా సంతకం పెడితే 38 లక్షలకు ఒక అర్థం ఉంటుంది. ఆయన ముందుకు రాకపోతే వ్యాపారికి మిగిలే దారి అరువు తగ్గించుకోవడమే: సగం డబ్బు ముందుగా తీసుకుని సరుకును మూడు విడతల్లో పంపడం, ఒక విడత బాకీ తీరాకే తర్వాతి లారీ కదిలించడం.